ఒకే కంపెనీ, ఒకే రోజు, 300 ఒకటి, 600 ఒకటి

2007 నవంబరులో టాటా స్టీల్ తన వాటాదారులకు పంపిన ఆఫర్‌లో రెండు ధరలు ఉన్నాయి. మొదటిది మామూలు షేరు. మీ దగ్గర ఉన్న ప్రతి 5 షేర్లకు ఒక కొత్త షేరు, ధర 300 రూపాయలు. రెండోది ప్రిఫరెన్స్ షేరు. ప్రతి 10 షేర్లకు 9 ప్రిఫరెన్స్ షేర్లు, ఒక్కొక్కటి 100 రూపాయలు, ఏటా 2 శాతం డివిడెండ్. 2009 సెప్టెంబరు 1న ఆరు ప్రిఫరెన్స్ షేర్లు కలిసి ఒక మామూలు షేరుగా మారిపోతాయి. ఆరు వందలు కట్టి ఒక షేరు తీసుకోవడమన్నమాట. అదే కంపెనీ, అదే ఫ్యాక్టరీలు, అదే షేరు. ఒక చేత్తో 300కి, మరో చేత్తో 600కి అమ్ముతోంది. పాత వాటాదారుల నుంచి కంపెనీ డబ్బు ఎలా సమీకరిస్తుందో అర్థం చేసుకోవాలంటే ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే చాలు.

అవసరం పెద్దదే. ఆ ఏడాది జనవరి ఆఖరున జరిగిన వేలంలో బ్రెజిల్ కంపెనీ సీఎస్‌ఎన్‌ని దాటి, షేరుకు 608 పెన్నీల చొప్పున ఆంగ్లో-డచ్ ఉక్కు సంస్థ కోరస్‌ను టాటా స్టీల్ గెలుచుకుంది. మొత్తం 620 కోట్ల పౌండ్లు. అందులో చాలా భాగం అప్పే. అంతా అప్పుగానే ఉంటే వడ్డీ భారం మోయలేరు కాబట్టి కొంత సొంత పెట్టుబడి కావాలి. దానికోసం ముందు అడగవలసింది అప్పటికే వాటా ఉన్నవాళ్లను. ఇందులో మర్యాదతో పాటు చట్టమూ ఉంది. కొత్త షేర్లు జారీ చేస్తే పాతవాళ్ల వాటా పలచబడుతుంది కాబట్టి, వాటిని మొదట వారికే, వారి వాటా నిష్పత్తిలోనే ఇవ్వజూపాలన్నది కంపెనీల చట్టం మూల సూత్రం. బయటివాళ్లకు ఇవ్వాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. రైట్స్ ఇష్యూ అనే పేరులోని హక్కు ఇదే.

ఇక 300 సంగతి. అప్పుడు మార్కెట్లో షేరు ధర దానికి రెట్టింపు కంటే ఎక్కువ. చూడగానే కంపెనీ సగం ధరకే కానుక ఇస్తున్నట్టు అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. సులువు కోసం మార్కెట్ ధర 840 అనుకుందాం. మీకు 100 షేర్లు ఉన్నాయి. విలువ 84,000. మీ వంతు కొత్త షేర్లు 20, వాటికి మీరు కట్టేది 6,000. ఇప్పుడు మీ దగ్గర 120 షేర్లు, మొత్తం విలువ 90,000. ఒక్కో షేరుకు 750. అంటే హక్కు విడిపోయిన రోజున, మిగతావన్నీ యథాతథంగా ఉంటే, షేరు ధర 840 నుంచి 750కి దిగడమే సహజం. 300కి కొన్న కొత్త షేరు మీద 450 చొప్పున 9,000 లాభం వచ్చింది, పాత 100 షేర్ల మీద 90 చొప్పున 9,000 తగ్గింది. మీ డబ్బు మీ దగ్గరే ఉంది. ఆ తగ్గింపును కంపెనీ ఇవ్వలేదు, మీ పాత షేర్లలోంచే వచ్చింది.

అందుకే డిస్కౌంట్ ఎంత అన్న ప్రశ్న కంటే, మీరు ఏం చేస్తారన్నదే ముఖ్యం. 6,000 కట్టినా నష్టం లేదు. కట్టడానికి డబ్బు లేకపోతే ఆ హక్కును వేరొకరికి అమ్మితే ఇంచుమించు 9,000 చేతికొస్తుంది, షేరు ధరలో తగ్గినది తిరిగొచ్చినట్టే. కవరు తెరిచి చూసి, తరువాత చూద్దామని సొరుగులో పెట్టిన మనిషికి మాత్రం 84,000 విలువ 75,000 అవుతుంది. ఆ తొమ్మిది వేలు హక్కు వాడుకున్నవాళ్లకు పోతాయి. రైట్స్ ఇష్యూలో నిజంగా నష్టపోయేది ఏమీ చేయని వాటాదారుడే.

అప్పట్లో హక్కు వదులుకోవాలంటే కాగితం ఫారం నింపి పంపాలి. కొనేవాడిని వెతుక్కోవడం సామాన్యుడికి కష్టం. 2020లో సెబీ ఈ పద్ధతి మార్చింది. ఇప్పుడు ఆ హక్కు రైట్స్ ఎన్‌టైటిల్‌మెంట్ పేరుతో మీ డీమ్యాట్ ఖాతాలో కనిపిస్తుంది, ఎక్స్ఛేంజీలో షేరులాగే అమ్ముకోవచ్చు. ఆ ఏడాది మేలో రిలయన్స్ 15 షేర్లకు ఒకటి చొప్పున, 1,257 రూపాయల ధరకు 53,124 కోట్ల రైట్స్ ఇష్యూ చేసినప్పుడు చాలామంది ఈ కొత్త సరుకును మొదటిసారి చూశారు. ఇందులో ఒక ఉచ్చు ఉంది, గట్టిగా చెప్పాలి. ఎన్‌టైటిల్‌మెంట్ షేరు కాదు. తక్కువ ధరకు దొరికిందని కొని ఊరుకుంటే చాలదు. గడువులోగా దరఖాస్తు చేసి ఇష్యూ ధర కట్టాలి. లేకపోతే అది మురిగిపోతుంది, కొన్న డబ్బు మొత్తం పోతుంది. పాత వాటాదారుడికీ అంతే. పైగా వాటి ట్రేడింగ్ ఇష్యూ ముగియడానికి కొన్ని రోజుల ముందే ఆగిపోతుంది. ఆఖరి రోజు అమ్ముదామనుకుంటే అమ్మడానికి మార్కెట్ ఉండదు.

డిస్కౌంట్ కానుక కాకపోతే కంపెనీ అంత తగ్గించడం దేనికి? ఇష్యూ ప్రకటించడానికీ డబ్బు చేతికి రావడానికీ మధ్య వారాలు గడుస్తాయి. ఆలోగా మార్కెట్ ధర ఇష్యూ ధర కంటే కిందికి పోతే ఎవరూ దరఖాస్తు చేయరు, బయట చవకగా కొనుక్కుంటారు. ఏడాది తిరగకుండానే అదే గ్రూపుకు ఇది అనుభవమైంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ కొన్నందుకు డబ్బు కోసం టాటా మోటార్స్ 2008 శరదృతువులో రైట్స్ ఇష్యూకు వచ్చింది. మామూలు షేరు ధర 340. లేమాన్ బ్రదర్స్ కూలిన రోజులవి. మార్కెట్ పడిపోయింది, వాటాదారుల్లో చాలామంది వెనక్కి తగ్గారు. మిగిలినవాటిని ప్రమోటర్ టాటా సన్స్, అండర్‌రైటర్లు ఎత్తుకోవలసి వచ్చింది. లోతైన డిస్కౌంట్ అంటే కంపెనీ ఈ ప్రమాదానికి ముందుగా కట్టుకున్న గట్టు.

ఇప్పుడు 600 దగ్గరికి వద్దాం. టాటా స్టీల్ మామూలు షేర్ల ద్వారా సుమారు 3,655 కోట్లు, ప్రిఫరెన్స్ షేర్ల ద్వారా సుమారు 5,480 కోట్లు సేకరించింది. ఎక్కువ భాగం రెండో దారిలోనే వచ్చింది. ఆ 5,480 కోట్లనూ 300 ధరకే తెచ్చుకుంటే సుమారు 18 కోట్ల కొత్త షేర్లు పుట్టేవి. 600 చొప్పున కాబట్టి 9 కోట్లతో సరిపోయింది. లాభాన్ని పంచుకునే వాటాలు సగమే పెరిగాయి. ఆ రెండేళ్ల లోపు కంపెనీ కట్టిన ధర ఏటా 2 శాతం, అంటే సుమారు 110 కోట్లు. బ్యాంకు అప్పు అంత చౌకగా ఎక్కడా దొరకదు. పైగా ఆఖరున తిరిగి చెల్లించేది లేదు, అది షేరైపోతుంది.

కంపెనీకి ఇంత లాభసాటి అయితే, ఎదుటివైపు ఏం జరిగింది? 100 షేర్ల మనిషినే చూద్దాం. అతనికి 90 ప్రిఫరెన్స్ షేర్లు, కట్టింది 9,000. ఏడాదికి డివిడెండ్ 180 రూపాయలు. అదే డబ్బు బ్యాంకులో ఉంటే దీనికి ఎన్నో రెట్ల వడ్డీ వచ్చేది. ఆ వడ్డీ వదులుకున్నందుకు అతనికి దక్కేది 2009 సెప్టెంబరులో 15 షేర్లు. ధర అప్పటికి వెయ్యి అయితే 15,000 విలువ, మంచి లాభం. ధర పడిపోతే? మారడం నిర్బంధం. వద్దు, నా తొమ్మిది వేలు ఇచ్చేయండి అనే దారి లేదు. ప్రిఫరెన్స్ అనే పేరు చూసి ఇది సురక్షితమనుకున్నవాళ్లు ఇక్కడ పొరబడ్డారు. అది రెండేళ్లకు ముందుగా డబ్బు కట్టి, 600 ధరకు షేరు కొనే ఒప్పందం.

2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం ఉక్కును గట్టిగా దెబ్బ తీసింది. ఆ ఏడాది చివరికి టాటా స్టీల్ షేరు 200 లోపుకు జారింది. సగం ధరకు దొరికిందనుకున్న 300 షేరు కూడా నష్టంలో పడింది. తరువాత కోలుకున్నా, మార్పిడి నాటికి ధర 600కి చాలా దిగువనే ఉంది. 450 చొప్పున లెక్కేసినా 15 షేర్ల విలువ 6,750. తొమ్మిది వేలు పెట్టినవాడికి మిగిలింది అంతే. ఓపికగా ఉంచుకున్నవాళ్లకు 2010లో ధర మళ్లీ 600 పైకి వెళ్లిన మాటా నిజమే. కానీ అది షేరును నమ్మినందుకు వచ్చిన ఫలితం, ప్రిఫరెన్స్ అనే పేరు ఇచ్చిన రక్షణ కాదు.

మరి ప్రిఫరెన్స్ దేనిలో? డివిడెండ్ పంచేటప్పుడు, కంపెనీ మూతపడి ఆస్తులు పంచేటప్పుడు మామూలు వాటాదారుల కంటే ముందు నిలబడతారు. అంతవరకే. అప్పు ఇచ్చినవాళ్లందరి తరువాతే వీళ్ల వంతు. ఆ సంవత్సరం డివిడెండ్ ఇవ్వకపోతే కంపెనీని ఎగవేతదారు అనలేరు. క్యుములేటివ్ అని ఉంటే ఆ బాకీ ముందుకు జరుగుతుంది, ఆ మాట లేకపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. మామూలుగా వీరికి తమ హక్కులను తాకే విషయాలపై తప్ప ఓటు ఉండదు. రెండేళ్లు, అంతకు మించి డివిడెండ్ ఇవ్వకపోతే మాత్రం అన్ని తీర్మానాల మీదా ఓటు వేసే హక్కు వస్తుంది.

షేరుగా మారని, గడువుకు డబ్బు తిరిగిచ్చే రకాన్ని రిడీమబుల్ అంటారు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా కనిపించేది ఇదే కాబట్టి దీన్ని మరింత నిదానంగా చదవాలి. మన చట్టం ప్రకారం మామూలు కంపెనీలు 20 ఏళ్లు దాటిన గడువు పెట్టకూడదు. అసలు తిరిగి ఇవ్వడం రెండు మార్గాల్లోనే సాధ్యం: డివిడెండ్ పంచగల లాభాల్లోంచి, లేదా అందుకోసం కొత్తగా జారీ చేసిన షేర్ల డబ్బులోంచి. ఖాతాలో నగదు ఉన్నా లాభం లేకపోతే, కొత్త షేర్లు కొనేవాళ్లూ లేకపోతే, గడువు తేదీ కాగితం మీదే ఉండిపోతుంది. అప్పుడు కంపెనీ విలువలో మూడు వంతుల ప్రిఫరెన్స్ వాటాదారుల అంగీకారంతో, ట్రిబ్యునల్ అనుమతితో, బాకీ డివిడెండ్‌ను కూడా కలిపి పాతవాటి స్థానంలో కొత్త ప్రిఫరెన్స్ షేర్లు ఇవ్వవచ్చు. ఒప్పుకోనివాళ్ల డబ్బు వెంటనే చెల్లించాలని ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. కాబట్టి అలాంటి కాగితం ఇంటికొచ్చి, సమ్మతి అడిగితే, మౌనంగా ఉండటమూ, సంతకం పెట్టడమూ, పెట్టనని చెప్పడమూ మూడు వేర్వేరు ఫలితాలు.