ఉపాధి హామీ సాఫ్ట్‌వేరులో పాత్రలు, అనుమతులు

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద చేపట్టిన పనులన్నీ ఒక కంప్యూటరు వ్యవస్థ ద్వారా నడిచేవి. ఆ వ్యవస్థలో ఏ ఉద్యోగి ఏ పనిని చూడగలడు, దానిని ఏ దశ వరకు ముందుకు నడపగలడు అనేది అతనికి ఇచ్చిన లాగిన్‌ను బట్టి ఉండేది. మంజూరైన పని కూడా కొందరికి కనిపించకపోవడానికి మూలకారణము ఇదే. ఈ పథకమును 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లి గ్రామములో ప్రారంభించారు. 2025 డిసెంబరులో దీని స్థానములో 125 రోజుల పనికి హామీ ఇచ్చే మరొక చట్టమును పార్లమెంటు ఆమోదించింది. ఈ వ్యాసములో వివరించినది 2005 నాటి చట్టము క్రింద నడిచిన పద్ధతి.

నేపథ్యము

అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పంట ఎండిపోయిన సంవత్సరాలలో కుటుంబాలు బెంగుళూరు వైపు వలస పోవడము ఇక్కడ చాలాకాలముగా ఉన్నదే. నీటి కుంటలు, కందకాలు, చెక్ డ్యాములు, మెట్ట భూములలో పండ్ల తోటలు వంటివి ఇక్కడ ముఖ్యమైన పనులు. ఊరిలో పని ఉన్నదా లేదా అనే విషయము ఒక వారము ముందు తెలియకపోతే కుటుంబము బస్సెక్కుతుంది. కనుక తెరపై ఒక పని కనిపించడమూ కనిపించకపోవడమూ ఇక్కడ చిన్న విషయము కాదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో మొదట టి.సి.ఎస్. సంస్థ రూపొందించిన సాఫ్ట్‌వేరును వాడారు. తరువాత రాష్ట్రము కేంద్ర ప్రభుత్వపు NREGASoft కు మారినది. సాఫ్ట్‌వేరు మారినా పని విభజన దాదాపు అలాగే నిలిచినది.

ఎవరి వద్ద ఏ అధికారము

గ్రామములో కూలీల నుండి పని కోరే దరఖాస్తులు తీసుకొనేది ఫీల్డ్ అసిస్టెంటు. పనికి అంచనా తయారు చేసి, పూర్తయిన పనిని కొలిచేది టెక్నికల్ అసిస్టెంటు. మండల కార్యాలయములోని కంప్యూటరు ఆపరేటరు దరఖాస్తులను, కొలతలను నమోదు చేసి మస్టరు రోలు తీసేవాడు. మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎం.పి.డి.ఓ.) ప్రోగ్రాం ఆఫీసరు హోదాలో ఉండగా, రోజువారీ వ్యవహారాలు అదనపు ప్రోగ్రాం ఆఫీసరు (ఏ.పి.ఓ.) చూసేవారు. జిల్లా స్థాయిలో డ్వామా ప్రాజెక్టు డైరెక్టరు, ఆ పైన జిల్లా ప్రోగ్రాం కో ఆర్డినేటరుగా కలెక్టరు ఉండేవారు. పనిస్థలములో హాజరు తీసే మేట్‌కు ఫోనులో NMMS అనే ఆప్ మాత్రమే ఉండేది.

హాజరు వేసిన వ్యక్తి కొలత వేయకూడదు, కొలిచిన వ్యక్తి కూలి చెల్లింపును ఆమోదించకూడదు అన్నది ఈ విభజన ఉద్దేశము. ఒకే చేతిలో మూడూ ఉంటే పని చేయని పేర్లకు కూలి పోవడము తేలిక. అయితే దీనివలన మరొక ఫలితము కలిగినది. ప్రతి వ్యక్తికీ తన దశ మాత్రమే కనిపిస్తుంది కనుక, పని ఎక్కడ ఆగినదో గ్రామములో ఉన్న ఫీల్డ్ అసిస్టెంటు కూడా చాలాసార్లు చెప్పలేడు. కూలీకి అసలు లాగిన్ లేదు. అతని లాగిన్ అతను వ్రాసి ఇచ్చే దరఖాస్తే అనవచ్చును.

పని కనిపించే క్రమము

గ్రామసభ ఆమోదించిన పని మొదట పనుల జాబితాలో చేరుతుంది. దానికి అంచనా వేసి, సాంకేతిక అనుమతి, పరిపాలనా అనుమతి ఇచ్చిన తరువాతనే కూలీలను కేటాయించడానికి వీలవుతుంది. ఆ పైన కూలీల దరఖాస్తులు నమోదై ఉండాలి. అప్పుడు ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు చెల్లే మస్టరు రోలు వెలువడుతుంది. అందులో పేర్లు ముందే ముద్రించబడి ఉంటాయి. పనిస్థలములో కొత్త పేరు చేర్చడానికి వీలు లేదు. ఆ మస్టరును మండల లాగిన్ నుండి ఒక మేట్‌కు జతపరచిన తరువాతనే అది అతని ఫోనులో కనబడుతుంది.

2021లో వచ్చిన NMMS ఆప్‌ను 2023 జనవరి 1 నుండి వ్యక్తిగత లబ్ధిదారుల పనులకు తప్ప మిగిలిన అన్ని పనులకు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫోటోతో సహా హాజరు నమోదు చేయాలి. నెట్‌వర్కు లేని గుట్టల వద్ద హాజరు తీసి, తరువాత సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి పంపవచ్చును. కాని మస్టరును ఫోనులోకి తెచ్చుకోవడానికి ముందుగా నెట్‌వర్కు కావాలి.

ఒక ఉదాహరణ

ఒక ఊరిలో 20 మంది కూలీలు ఏప్రిల్ 3న నీటి కుంట పని కోరుతూ దరఖాస్తు ఇచ్చారనుకొందాము. చట్టము ప్రకారము 15 రోజులలోగా, అనగా 18వ తేదీలోగా పని చూపాలి. 17వ తేదీ ఉదయము అందరూ పలుగు పారలతో వెళ్ళగా మేట్ ఫోనులో ఏమీ కనిపించలేదు. పని రద్దయినదని వెంటనే అనుకోనవసరము లేదు. మస్టరు 18 నుండి మొదలవుతూ ఉండవచ్చును, లేదా దానిని పొరపాటున మరొక మేట్‌కు జతపరచి ఉండవచ్చును. ఈ రెండూ మండల కార్యాలయములో కంప్యూటరు ఆపరేటరు నిమిషాలలో చూడగలిగినవి.

పని కనిపించి, 20 పేర్లకు బదులు 14 మాత్రమే ఉంటే కారణము వేరు. మిగిలిన ఆరుగురి దరఖాస్తులు కంప్యూటరులోకి ఎక్కలేదు, లేదా వారి జాబ్ కార్డు తొలగించబడినది. రెండవది జరిగితే ఆపరేటరు తిరిగి దరఖాస్తు ఎక్కించలేడు, జాబ్ కార్డును పునరుద్ధరించమని ప్రోగ్రాం ఆఫీసరును కోరవలసి ఉంటుంది. ఈ తేడా తెలియక ఆపరేటరు చుట్టూ వారాల తరబడి తిరగడము వృథా ప్రయాస.

లాగిన్ లేనివారు కూడా nrega.nic.in లో రాష్ట్రము, జిల్లా, మండలము, పంచాయతీ ఎంచుకొని పనుల స్థితిని, జాబ్ కార్డుల వివరాలను చూడగలిగేవారు. అక్కడ పని మంజూరైనట్లు ఉండి మొదలు కాకపోతే మస్టరు తీయలేదని అర్థము. జాబితాలోనే లేకపోతే అంచనా లేదా అనుమతుల దశలోనే ఆగినట్లు. అప్పుడు అడగవలసినది టెక్నికల్ అసిస్టెంటును, ఏ.పి.ఓ.ను.

అడిగే పద్ధతి

నోటిమాటగా పని అడిగితే అది నమోదు కాకపోవచ్చును. జాబ్ కార్డు నంబరు, ఎన్ని రోజుల పని కావాలి, ఏ తేదీ నుండి అన్న వివరాలతో దరఖాస్తు వ్రాసి, తేదీ వేసిన రశీదు తీసుకోవాలి. కనీసము 14 రోజుల పని కోరాలన్నది నియమము. ఫీల్డ్ అసిస్టెంటు తీసుకోకపోతే పంచాయతీకి గాని నేరుగా ప్రోగ్రాం ఆఫీసరుకు గాని ఇవ్వవచ్చును. రశీదు మీది తేదీ, పని కోరిన తేదీ ఈ రెండింటిలో తరువాతి దాని నుండి 15 రోజుల గడువు లెక్కకు వస్తుంది. గడువు దాటితే మొదటి 30 రోజులకు కూలి రేటులో కనీసము నాలుగవ వంతు, ఆ తరువాత కనీసము సగము నిరుద్యోగ భృతిగా రావాలి. రశీదు లేనివారు ఆ భృతిని కోరడము దాదాపు అసాధ్యము.

పేరు కనిపించని సందర్భములో ఫిర్యాదులో "పని లేదు" అని మాత్రమే వ్రాయడము కన్నా పని పేరు, మస్టరు తేదీలు, లేని పేర్లు, రశీదు తేదీ వ్రాయడము మేలు. అలా వ్రాస్తే ఏ లాగిన్ దగ్గర పని ఆగినదో చదివినవారికి తెలుస్తుంది. ప్రోగ్రాం ఆఫీసరు ప్రతి ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించి 7 రోజులలో పరిష్కరించాలని చట్టములో ఉన్నది. అప్పటికీ కాకపోతే డ్వామా కార్యాలయము, కలెక్టరు తరువాతి మెట్లు.

పని చేసిన తరువాత ఆప్ మొరాయించి హాజరు ఎక్కకపోతే మండల స్థాయిలో ఎవరూ దానిని చేతితో ఎక్కించలేరు. ఆ మినహాయింపు ఇచ్చే అధికారము జిల్లా ప్రోగ్రాం కో ఆర్డినేటరుకే ఉండేది. మేట్ ఆ విషయమును అదే రోజు ప్రోగ్రాం ఆఫీసరుకు వ్రాతపూర్వకముగా తెలిపి ఉంటే ఆ అభ్యర్థనకు ఆధారము ఉంటుంది.