మంచం కింద కమలిని

కాలేజీ నాటిక పోటీకి పది నిమిషాల్లో ఒదిగే కథ చెప్పమంటే నేను గురజాడ ‘దిద్దుబాటు’ పేరు చెబుతాను. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఈ కథలో ఒకే ఇల్లు, ఒకే రాత్రి, ముగ్గురే మనుషులు. సానుల పాట విని గోపాలరావు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. భార్య కమలిని ఉండదు, ఆమె రాసిన ఉత్తరం ఉంటుంది. కోపమంతా నౌకరు రాముడి మీద చూపించి, ఆనక చేసిన పనికి కుమిలిపోతాడు. చివర్లో మంచం కింద నుంచి నవ్వూ, గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

అచ్చం నాటికలాగే ఉందని కథలోని మాటలు ఎత్తి రాసుకున్నారో, ఉత్తరం దగ్గర హాలు ఆవలిస్తుంది. పుస్తకంలో దాన్ని మనం చదువుకుంటాం. స్టేజీ మీద మాత్రం ఒకడు కాగితం చదువుతుంటే మిగతాదంతా ఆగిపోతుంది. అందుకే ఉత్తరాన్ని ముక్కలు చేయాలి. ఒక వాక్యం చదివి గోపాలరావు ఆమె పెట్టె తెరిచి చూస్తాడు. మరో వాక్యం చదివి రాముణ్ణి నిలదీస్తాడు.

“ఏ బండి మీద వెళ్లిందిరా?”

“సీకట్లో బండెవుడు సూసినాడు బాబూ!”

ఆ మాట అంటూ రాముడు మంచం కింద నుంచి బయటికొచ్చిన చీర కొంగును కాలితో లోపలికి నెడతాడు. ఇది కథలో లేదు, నా కల్పన. ఆమె ఎక్కడుందో ప్రేక్షకులకు తెలిసిపోతే చివరి మెరుపు పోదా అంటారు. పోతుంది. కానీ ఆ మెరుపు ఒక్క క్షణం పని. గుట్టు తెలిస్తే రాముడి ప్రతి జవాబుకీ నవ్వు పుడుతుంది. గోపాలరావు లెంపలేసుకుంటుంటే, వింటున్న మనిషి అక్కడే ఉందని హాలంతటికీ తెలుసు. ఆమె నమ్ముతుందా అన్నదే చివరిదాకా లాక్కెళ్తుంది.

రాతప్రతి పైకి చదివితే ఏడు నిమిషాలు దాటకూడదు. తలుపు తట్టడం, వెతకడం, నవ్వులు ఆగేదాకా నిలబడటం మిగతా మూడు నిమిషాలూ తినేస్తాయి. మంచం, పెట్టె, లాంతరు తప్ప మరో సామాను వద్దు. చాలా పోటీల్లో సర్దుకునే సమయం కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక కాలేజీలో నేను చేయించినప్పుడు కమలిని గాజులు రెండో నిమిషంలోనే గలగలమన్నాయి. పాపం, దోమ కుట్టింది! అప్పట్నుంచీ గాజులను చేతిగుడ్డలో చుట్టి పక్కన పెట్టిస్తున్నాను, సమయానికి తీసి ఆడించాలి. దుప్పటి అంచు నేలకు తగలాలి. ముందు వరుసలో కూర్చుని ఒకసారి చూసుకోండి.

గురజాడ 1915లో కన్నుమూశారు, ఈ కథకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవి. కొత్త కథ ఎంచుకుంటే మాత్రం రిహార్సల్ మొదలెట్టకముందే వారికి ఉత్తరం రాయండి.