బాత్రూమ్ సీలింగ్: నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో ఫాల్స్ సీలింగ్ దాచేది చాలాచోట్ల ఆ ఇంటివాళ్ల పైపుల్ని కాదు, పై ఇంటివాళ్ల పైపుల్ని. పై ఫ్లాటు కమోడ్ పైపు, స్నానం నీళ్లు పోయే నహానీ ట్రాప్, వాష్‌బేసిన్ గొట్టం స్లాబు దాటి కిందికి దిగుతాయి. కింది ఇంటి బాత్రూమ్ నెత్తిన అడ్డంగా సాగి షాఫ్టులో కలుస్తాయి. చూడ్డానికి బాగుండవు కాబట్టి వాటికింద సీలింగ్ వేయిస్తారు. షాపుకు వెళ్లగానే మొదట వచ్చే ప్రశ్న, జిప్సమ్ బోర్డా, పీవీసీ షీటా అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. ఆ సీలింగ్‌కు నీళ్లు కిందినుంచి తగులుతాయా, పైనుంచి తగులుతాయా?

కిందినుంచి తగిలేది ఆవిరి. 30 డిగ్రీల వేడి గాలి ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల తేమను మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోస్తుంది. మిగిలిన తేమంతా నీటిబొట్లయి దగ్గర్లోని చల్లటి ఉపరితలం మీద పేరుకుంటుంది. చలికాలం పొద్దున్నే తలుపేసుకుని వేణ్ణీళ్ల స్నానం చేస్తే జరిగేది ఇదే. ఇది రోజూ కాసేపు తడిపి, తర్వాత ఆరిపోయే నీరు. పైనుంచి తగిలేది లీకేజీ. పై ఇంటి పైపు జాయింటులోంచో, వాళ్ల ఫ్లోరింగ్ కింద సంకన్ స్లాబులో నిలిచిన నీటిలోంచో చుక్కచుక్కగా వస్తుంది. అది ఆగదు, ఆరదు.

జిప్సమ్ బోర్డంటే రెండు మందపాటి కాగితాల మధ్య అచ్చుపోసిన జిప్సమ్. ఇళ్లలో వాడేది ఎక్కువగా 12.5 మిల్లీమీటర్ల మందం, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. ఒక్కో బోర్డు ఇంచుమించు 20 కిలోల బరువు తూగుతుంది. హాల్లో, పడగ్గదిలో దీనికి సాటి లేదు. అతుకు కనిపించకుండా నున్నగా వస్తుంది, ఏ రంగైనా పడుతుంది. నీటిదగ్గరికి వచ్చేసరికి దీని బలహీనత రెండు చోట్ల బయటపడుతుంది. తడిసిన కాగితం బూజుకు ఆహారమవుతుంది. లోపలి జిప్సమ్ నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. మెత్తబడ్డ బోర్డు తన బరువుకు తానే రెండు ఆధారాల మధ్య పొట్ట దిగుతుంది. ఒకసారి పొట్ట దిగిన బోర్డు ఆరినా తిరిగి చదును కాదు. ఆ ముక్క కోసి తీసి కొత్తది వేయాల్సిందే.

‘బాత్రూమ్‌కైతే గ్రీన్ బోర్డు వేద్దాం సార్, నీళ్లు పడ్డా ఏం కాదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఆకుపచ్చ కాగితంతో వచ్చే ఈ బోర్డులో నీటిని వికర్షించే సిలికాన్ లాంటి పదార్థాలు కలుపుతారు. రెండు గంటలు నీళ్లలో ముంచి ఉంచినా తన బరువులో 5 శాతానికి మించి పీల్చుకోకూడదన్నది దీనికి పెట్టే పరీక్ష. అంటే ఆవిరికి తట్టుకుంటుంది. నెలల తరబడి పడే చుక్కకు మాత్రం తట్టుకోలేదు. పై అంతస్తు లేని ఇంట్లో, కిటికీ ఉండి గాలి ఆడే బాత్రూమ్‌లో, పైన పైపులు లేనిచోట గ్రీన్ బోర్డు నిశ్చింతగా వేసుకోవచ్చు. పై ఇంటి పైపులకింద వేస్తే అది జూదమే.

పీవీసీ షీటు సంగతి వేరు. ఇది లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ పలక. 10 అంగుళాల వెడల్పుతో, 10 అడుగుల పొడవుతో ఎక్కువగా దొరుకుతుంది. ఒక పలక అంచు పక్కదాని గాడిలో దూరి కూర్చుంటుంది. నీటిని పీల్చదు, రంగు వేయక్కర్లేదు, బరువు జిప్సమ్‌లో మూడోవంతు కూడా ఉండదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బాత్రూమ్‌కు ఇంతకంటే అనువైన సరుకు ఈ ధరలో కష్టం.

అయితే పీవీసీలో ఒక చిక్కుంది. జిప్సమ్ తడిస్తే మచ్చ కట్టి లీకేజీని బయటపెడుతుంది. పీవీసీ దాచిపెడుతుంది. పైనుంచి పడే చుక్క పలక మీద పడి, అంచుదాకా పారి, గోడ పక్కన ఫ్రేమ్‌లో నిలుస్తుంది. కింద ఉన్నవాళ్లకు సీలింగ్ తళతళలాడుతూనే కనిపిస్తుంది. గోడ మూల నుంచి నీరు జారేనాటికి, లేదా లైటు దగ్గర చుక్క వేలాడేనాటికి పైన స్లాబులో ఇనుప చువ్వలు తుప్పు పట్టడం కూడా మొదలై ఉండొచ్చు. అందుకే పీవీసీ వేసినచోట ట్రాప్ డోర్ తప్పనిసరి. పై ఇంటి నహానీ ట్రాప్‌కు సరిగ్గా కింద, అడుగున్నర చదరంలో, తెరిచి తల దూర్చి చూడగలిగేలా ఉండాలి.

ఇక ఫ్రేమ్. ఏ సరుకు వేసినా దాని ఆయుష్షు కనపడని ఈ అస్థిపంజరం మీదే ఆధారపడి ఉంటుంది. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న మామూలు బాత్రూమ్‌నే తీసుకుందాం. గోడల టైల్స్ పోను వెడల్పు 4 అడుగుల 10 అంగుళాలు మిగిలిందనుకుందాం.

ముందు వాటర్ లెవెల్‌తోనో, లేజర్‌తోనో నాలుగు గోడల మీదా ఒకే ఎత్తులో గీత కొడతారు. పైన ఉన్న పైపుల్లో అన్నిటికంటే కిందికి దిగినదానికీ ఫ్రేమ్‌కూ మధ్య రెండుమూడు అంగుళాల ఖాళీ ఉండేలా ఈ గీత చూసుకోవాలి. ఆ గీత వెంబడి చుట్టూ పెరిమీటర్ చానెల్‌ను రెండడుగులకొక స్క్రూతో బిగిస్తారు. తర్వాత స్లాబుకు యాంకర్ ఫాస్టెనర్లు కొట్టి, వాటికి హ్యాంగర్లు వేలాడదీసి, వాటికి ఇంటర్మీడియట్ చానెళ్లు తగిలిస్తారు. ఇవి అడ్డంగా, ఒకదానికొకటి 4 అడుగుల ఎడంలో ఉంటాయి. ఈ గదికి రెండు చాలు, ఒక్కోదానికి రెండు హ్యాంగర్లు. వాటికింద నిలువుగా మూడు సీలింగ్ సెక్షన్లు క్లిప్పులతో వేస్తే, మధ్యలో ఎడం 14 అంగుళాల చిల్లర వస్తుంది. జిప్సమ్‌కు ఈ ఎడం ఎట్టిపరిస్థితుల్లోనూ అడుగున్నర దాటకూడదు. తేమ గదుల్లో ఇంకా దగ్గరగా వేస్తేనే పొట్ట దిగకుండా ఉంటుంది.

పీవీసీ పలకలు ఈ సెక్షన్లకు అడ్డంగా, అంటే గది వెడల్పు వెంట పరుచుకుంటాయి. 10 అడుగుల పలకను సగానికి కోసి, టైల్స్‌కు తగ్గట్టు కాస్త చెక్కితే రెండు ముక్కలు వస్తాయి. 8 అడుగుల పొడవును 10 అంగుళాల పలకలతో నింపాలంటే పది ముక్కలు కావాలి. మొత్తం ఐదు పలకలన్నమాట. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది కాబట్టి పలక కొసకూ గోడకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు వదలాలి. ఆ సందును అంచుపట్టీ కప్పేస్తుంది. బిగుతుగా కూర్చోబెడితే వేసవిలో పలకలు ఉబ్బి లేస్తాయి.

ఖర్చు తగ్గుతుందని కొందరు జీఐ ఫ్రేమ్‌కు బదులు చెక్క రీపర్లు కొడతారు. పలకలు చెక్కుచెదరకపోయినా వెనక చెక్క ఉబ్బుతుంది, కుళ్లుతుంది, చెద పడుతుంది. జీఐ చానెళ్లకైనా కోసిన కొసల దగ్గర జింకు పూత పోయి ఇనుము బయటపడుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. కోసిన ప్రతి కొసకూ జింకు ప్రైమర్ పూయించడం చిన్న పని, కానీ అడగకపోతే ఎవరూ చేయరు. స్క్రూలూ అంతే. నల్లటి మామూలు డ్రైవాల్ స్క్రూలు తేమకు త్వరగా తుప్పు పడతాయి. బాత్రూమ్‌కు జింకు పూతవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలని ముందే చెప్పాలి.

ఇప్పటికే జిప్సమ్ సీలింగ్ ఉన్నవాళ్లు దాని మీది మచ్చల్ని చూసి జబ్బు ఏమిటో కనిపెట్టవచ్చు. మూలల్లో, గోడ అంచుల్లో చెల్లాచెదురుగా నల్లటి చుక్కలుంటే అది ఆవిరి తెచ్చిన బూజు. లీకేజీ కోసం వెతకడం మాని, గాలి బయటికి పోయే దారి చూడాలి. ఒకే వరసలో, జానెడు జానెడు దూరంలో గోధుమరంగు చుక్కలు దేలితే అవి తుప్పుపట్టిన స్క్రూ తలలు. మధ్యలో టీ మరకలా ముదురు అంచుతో గుండ్రటి మచ్చ ఉండి, వారంవారం వెడల్పవుతుంటే అది పైనుంచి పడే నీరే. దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం దండగ. ముందు పై ఇంటి జాయింటు బాగుచేయించి, బోర్డు పూర్తిగా ఆరాకే మరమ్మతుకు దిగాలి.

ఆవిరి సమస్యకు మందు ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇక్కడో పొరపాటు పదేపదే జరుగుతుంది. ఫ్యాన్‌ను సీలింగ్‌లో బిగించి, దాని గొట్టాన్ని బయటిదాకా తీసుకెళ్లకుండా సీలింగ్ పైనే వదిలేస్తారు. గదిలోని తేమంతా చీకటి సందులో చేరి, ఫ్రేమ్‌నూ స్లాబునూ రోజూ తడుపుతుంది. గొట్టం వెంటిలేటర్ గుండా ఇంటి బయట తేలాలి. వంటింటి చిమ్నీకీ ఇదే వర్తిస్తుంది. పైగా చిమ్నీ గొట్టం సీలింగ్ పైన ఆగిపోతే అక్కడ నూనె జిడ్డు కూడా పేరుకుంటుంది.

వంటింట్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ తేమతో పాటు వేడీ మంటా ఉంటాయి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే మెత్తబడుతుంది. చిమ్నీ వేయకుండా నూనె మరిగించే ఇళ్లలో పొయ్యి పైన ఉన్న పలకలు వంగడానికి ఈ గుణమే కారణం. అంటుకుంటే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వస్తుంది. జిప్సమ్ బరువులో దాదాపు ఐదోవంతు రసాయనికంగా బంధించిన నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ వేడిని కొంతసేపు అడ్డుకుంటుంది. కాబట్టి పైన పైపులు లేని వంటింట్లో, పొయ్యి ఉన్న వైపు గ్రీన్ బోర్డు వేసి, కడగడానికి వీలయ్యే బూజునిరోధక పెయింటు కొట్టించడం మేలు. సింకు, వాషింగ్ మెషీన్ ఉండే యుటిలిటీ వైపు పీవీసీ వేసుకోవచ్చు.

చివరగా ఒక్క పని మరిచిపోవద్దు. ఫ్రేమ్ బిగించాక, బోర్డులు ఎక్కించకముందు పై ఇంటివాళ్లతో ఒక మాట మాట్లాడండి. వాళ్ల బాత్రూమ్ ట్రాప్ మూసి, రెండంగుళాల మేర నీళ్లు నింపి ఒక రోజంతా నిలబెట్టమనండి. మర్నాడు ఆ నీటిని ఒక్కసారిగా వదలమని, కింద ప్రతి పైపు జాయింటు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడండి. కాగితం తడిస్తే పని ఆపి, ముందు ప్లంబర్‌ను పిలవండి. పొడిగా ఉంటేనే సీలింగ్ మూయమనండి.