మొసలి ఏమంది? కోతి ఏమంది?

కథను సంగ్రహంగా రాయమంటే చాలామంది విద్యార్థులు కొటేషన్ గుర్తులు తీసేసి, పాత్రల మాటలను ఉన్నవున్నట్టు ఎక్కించేస్తారు. అప్పుడు ‘నేను’ ఎవరో, ‘నువ్వు’ ఎవరో చదివేవారికి అంతుపట్టదు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చడం ఇక్కడే అవసరమవుతుంది. పంచతంత్రంలోని మొసలి, కోతి కథతోనే చేసి చూద్దాం.

నది మధ్యలో మొసలి, “నా భార్య నీ గుండె తినాలని కోరుతోంది” అంది. కోతి వెంటనే, “ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు? నేను గుండెను చెట్టుమీదే వదిలి వచ్చాను. నన్ను వెనక్కి తీసుకెళ్ళు” అంది.

ముందు మొసలి మాట. ‘నా’ను ‘తన’ చేయాలి. ‘నీ’ బదులు పేరే పెట్టాలి: తన భార్య కోతి గుండె తినాలని కోరుతోందని మొసలి చెప్పింది. రెండుచోట్లా ‘తన’ అని రాస్తే, తినబోయేది మొసలి గుండె అనిపిస్తుంది. క్రియ కాలం మారలేదని గమనించండి. ఇంగ్లిష్ క్లాసు అలవాటుతో కొందరు దాన్ని ‘కోరిందని’ అని మారుస్తారు. తెలుగుకు ఆ అవసరం లేదు.

కోతి మాటల్లో మూడు రకాల వాక్యాలున్నాయి. మొదటిది ప్రశ్న. ‘ఈ’ని ‘ఆ’ చేసి, ప్రశ్నార్థకం తీసేసి, ‘అడిగింది’తో ముగించాలి: ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని కోతి అడిగింది. రెండోదాంట్లో ‘నేను’ ‘తాను’ అవుతుంది, క్రియ మాత్రం అలాగే ఉంటుంది: తాను గుండెను చెట్టుమీదే వదిలి వచ్చానని చెప్పింది. ఇక్కడ ‘వచ్చిందని’ అని రాస్తే, వచ్చింది ఇంకెవరోనన్న అనుమానం వస్తుంది. మూడోది ఆజ్ఞ. దానికి ‘మని’ చేరుతుంది: తనను వెనక్కి తీసుకెళ్ళమని కోరింది. అదే “తీసుకెళ్ళకు” అని ఉంటే, ‘తీసుకెళ్ళవద్దని’ అని రాయాలి.

ఇంతవరకూ మాటలు మారాయి గానీ కథ కుదించుకోలేదు. సంగ్రహానికి ప్రతి సంభాషణా అక్కర్లేదు. కథను మలుపు తిప్పినవి చాలు. కోతి ప్రశ్న తీసేసినా కథ ఆగదు. గుండె చెట్టుమీద ఉందన్న మాట తీసేస్తే, మొసలి వెనక్కి ఎందుకు తిరిగిందో తెలియదు. కాబట్టి ఇలా కలపవచ్చు:

తన భార్య కోతి గుండె కోరుతోందని మొసలి బయటపెట్టగా, గుండెను చెట్టుమీదే వదిలి వచ్చానని కోతి నమ్మబలికి, వెనక్కి తీసుకెళ్ళమంది.

‘చెప్పింది’ అని ఉంటే కోతి మాట నిజమో అబద్ధమో తేలేది కాదు. ‘నమ్మబలికి’ అనగానే అది ప్రాణం కాపాడుకునే ఎత్తుగడ అని తెలిసిపోతుంది. ప్రతి మాటకూ ‘అన్నాడు, అంది’ తగిలించే బదులు, ఒప్పుకున్నాడు, బతిమాలింది, హెచ్చరించాడు, నిరాకరించింది వంటి క్రియల్లో సందర్భానికి సరిపోయేది ఎంచుకుంటే, మరో వాక్యం రాయకుండానే పాత్ర ఉద్దేశం తెలుస్తుంది. అయితే కథలో ఆధారం ఉండాలి. మామూలుగా అడిగిన పాత్రను ‘బతిమాలింది’ అని రాస్తే అది సంగ్రహం కాదు, కథను మార్చడమే.