కోసిన ఆపిల్ గోధుమరంగుకు మారడం: ఆక్సీకరణకు, కుళ్ళుకు భేదం

తక్కువ చలితో కాపునిచ్చే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 ఆపిల్ రకం 2020 నాటికి పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని కెరమెరి మండలం ధనోరా గ్రామంలో కాపుకు వచ్చింది. ఆ పండునైనా, కరీంనగర్ మార్కెట్లో కొన్న హిమాచల్ పండునైనా కోసి ఉంచితే కొద్దిసేపటికే ముక్క గోధుమరంగుకు మారుతుంది. దీనిని చెడిపోవడంగా భావించి పారవేయడం ఒక పొరపాటు. కుళ్ళిన పండునుండి మచ్చను మాత్రం తొలగించి మిగిలినది రసం తీయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

ఆపిల్ కణంలో క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలు రిక్తికలో ఉంటాయి. రాగి పరమాణువులు గల పాలిఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ప్లాస్టిడ్లలో ఉంటుంది. కత్తి కణాలను ఛేదించినప్పుడు ఈ రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో ఫినాల్స్ క్వినోన్లుగా మారి, అవి ఒకదానితో ఒకటి కలిసి గోధుమవర్ణ పదార్థమవుతాయి. అరటిలో ప్రధానంగా డోపమైన్‌పై ఇదే చర్య జరుగుతుంది. అవకాడో గుజ్జు నల్లబడటానికీ ఈ ఎంజైమే కారణం. ఇందులో సూక్ష్మజీవుల ప్రమేయం లేదు.

భేదం తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. రంగు మారిన ముక్కపై పలుచని పొరను కోయాలి. క్రింద గట్టిగా, తెల్లగా ఉన్న కండ కనిపించి, అదికూడా కొంతసేపటికి గోధుమరంగుకు మారితే అది ఆక్సీకరణమే. కుళ్ళు అయితే మెత్తదనం లోపలికి సాగుతుంది. కండ నీరు కారుతూ పుల్లని లేదా బూజు వాసన వేస్తుంది. పైగా కుళ్ళు మచ్చ కోయకముందే తొక్కపై ఉండి, రోజురోజుకూ విస్తరిస్తుంది. దెబ్బ తగిలిన చోటి మచ్చ కూడా కోయకముందే కనిపిస్తుంది గాని, బూజు సోకనంతవరకు అది పెద్దగా పెరగదు.

ఆపిల్‌పై నీలిబూజుకు కారణమైన పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ శిలీంద్రం పాట్యులిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. ఇది కంటికి కనిపించే మచ్చను దాటి పరిసర కండలోకి వ్యాపించగలదు. కాచినంత మాత్రాన పూర్తిగా నశించదు. కోడెక్స్ ప్రమాణాల ప్రకారం ఆపిల్ రసంలో దీని గరిష్ఠ పరిమితి కిలోకు 50 మైక్రోగ్రాములు. అందువల్ల కుళ్ళిన పండును మొత్తంగా వేరుచేయాలి.

నిమ్మరసం రెండు విధాల పనిచేస్తుంది: ఆమ్లత్వం ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది, విటమిన్-సి క్వినోన్లను తిరిగి ఫినాల్స్‌గా మారుస్తుంది. విటమిన్-సి అయిపోగానే రంగు మళ్ళీ మొదలవుతుంది. అయితే రంగు కాలాన్ని సూచించదన్నది గమనార్హం. కరీంనగర్ వేసవిలో 40 డిగ్రీల ఎండలో బండిపై ఉంచిన ముక్కలు నిమ్మరసంతో తెల్లగానే ఉండవచ్చు. కాని కోసిన పండు 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉండరాదు. మరోవైపు, సుమారు 13 డిగ్రీలకన్నా తక్కువ చలిలో ఉంచిన అరటిపండు తొక్క నల్లబడినా, లోపలి గుజ్జు సాధారణంగా తినదగినదిగానే ఉంటుంది.