ఇళ్లు టూబింగెన్‌వి, సుడులు వాన్ గోవి

జర్మనీలోని టూబింగెన్ ఊళ్లో నెకార్ నది ఒడ్డున పాత ఇళ్ల వరుస ఒకటుంది. 2015లో ఆ ఊరి విశ్వవిద్యాలయ పరిశోధకులు లియోన్ గాటిస్, అలెగ్జాండర్ ఎకర్, మథియాస్ బెత్గే ఆ ఇళ్ల ఫొటోను తీసుకుని, వాన్ గో 1889లో వేసిన ‘స్టారీ నైట్’ శైలిలోకి కంప్యూటర్ చేత మార్పించారు. ఇళ్లు, కిటికీలు, నది ఎక్కడివక్కడే ఉన్నాయి. రంగులు, గీతలు, ఆకాశంలో సుడులు మాత్రం వాన్ గోవి. ‘ఏముంది’ అనేదాన్నీ ‘ఎలా వేశారు’ అనేదాన్నీ ఒక యంత్రం ఎలా విడదీసింది?

వాళ్లు వాడిన నెట్‌వర్క్ పేరు VGG-19. దానికి చిత్రకళ ఎవరూ నేర్పలేదు. లక్షల ఫొటోలు చూపించి, ఇది కుక్క, ఇది కారు అని గుర్తుపట్టడం మాత్రమే నేర్పారు. దాని నిండా ఫిల్టర్ల పొరలు ఉంటాయి. ఒక్కో ఫిల్టర్ బొమ్మంతా తిరుగుతూ తనకు కావలసిన ఆకారం ఎక్కడెక్కడ, ఎంత గట్టిగా కనిపించిందో అంకెల్లో రాసి పెడుతుంది. ఆ అంకెల పటమే ఫీచర్ మ్యాప్. కింది పొరల్లో అంచులు, రంగుల మార్పులు పట్టుబడతాయి. పైకి వెళ్లేకొద్దీ కిటికీ, కప్పు వంటి పెద్ద ఆకారాలు పట్టుబడతాయి. మధ్యమధ్యలో బొమ్మ సగానికి సగం కుదించుకుపోతూ వస్తుంది. అందుకే 512 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉన్న ఫొటో conv4_2 అనే పొరకు చేరేసరికి 64 గళ్ల పొడవు, 64 గళ్ల వెడల్పు ఉన్న 512 పటాలుగా మారుతుంది.

విషయం కోసం గాటిస్ బృందం ఎంచుకున్నది ఈ పొరనే. కింది పొర అంకెల నుంచి బొమ్మను తిరిగి కడితే దాదాపు ప్రతి పిక్సెలూ వెనక్కి వస్తుంది. అంత పట్టుదల ఉంటే కొత్త శైలికి చోటే దొరకదు. conv4_2 నుంచి కడితే ఇల్లు ఎక్కడుందో, కప్పు ఏ వాలులో ఉందో తెలుస్తుంది కానీ, గోడ మీది గరుకు ఎలా ఉండేదో కచ్చితంగా తెలియదు. ఆ మరపే ఇక్కడ పనికొచ్చింది.

శైలి సంగతి ఇంతకంటే చిక్కు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే అందంగా అనిపించేదీ ఇదే. పసుపు రంగును పట్టే ఫిల్టర్ ఒకటి, వంపు గీతను పట్టేది ఇంకొకటి ఉన్నాయనుకుందాం. నాలుగు గళ్లలో మొదటిది 3, 0, 2, 0 అని, రెండోది 2, 1, 3, 0 అని రాసుకున్నాయి. ఏ గడికాగడి హెచ్చించి కూడితే 6, 0, 6, 0 కలిసి 12. ఇప్పుడు గళ్లను ఎలా తారుమారు చేసినా, రెండు పటాల్లోనూ ఒకే తీరుగా మార్చినంతసేపూ మొత్తం 12 గానే ఉంటుంది. పసుపును కదపకుండా వంపుల్ని మాత్రం 0, 3, 1, 2 గా జరిపితే మొత్తం 2 కి పడిపోతుంది. పసుపు అంతే ఉంది, వంపులూ అన్నే ఉన్నాయి, అవి కలిసి ఉండటం పోయింది. అంటే ఈ లెక్క ‘ఎక్కడ’ అన్నది మరిచిపోయి, ‘ఏది దేనితో కలిసి వస్తుంది’ అన్నది మాత్రం గుర్తుంచుకుంటుంది. ఒక పొరలోని ఫిల్టర్లన్నిటినీ ఇలా జతలు జతలుగా లెక్కకట్టిన పట్టికనే గ్రామ్ మ్యాట్రిక్స్ అంటారు. మొదటి పొరలో 64 ఫిల్టర్లుంటాయి కాబట్టి అక్కడిది 64 వరుసలు, 64 నిలువుల పట్టిక. ఇలాంటివి అయిదు పొరల నుంచి తీసుకున్నారు. కింది పొరలతోనే ఆగిపోతే రంగుల చిన్న చిన్న మరకలు మాత్రమే వస్తాయి. పై పొరలు కూడా చేరితేనే పెద్ద సుడులు వస్తాయి.

ఇక బొమ్మ తయారీ. అర్థంపర్థం లేని చుక్కల బొమ్మతో మొదలుపెడతారు. దాని conv4_2 అంకెలు ఫొటో అంకెలకు ఎంత దూరంలో ఉన్నాయో, దాని గ్రామ్ పట్టికలు వాన్ గో పట్టికలకు ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తారు. ఈ రెండు తేడాలూ తగ్గాలంటే ఏ పిక్సెల్ ఎటు మారాలో వెనక్కి లెక్కకట్టి, కొద్దికొద్దిగా మారుస్తూ పోతారు. మామూలుగా ఇలాంటి లెక్కతో నెట్‌వర్క్‌ను దిద్దుతారు. ఇక్కడ నెట్‌వర్క్‌ను ముట్టుకోరు, దిద్దేది బొమ్మనే. రెండు తేడాల్లో దేనికెంత బరువు ఇవ్వాలన్నది మన చేతిలో ఉంటుంది. శైలికి బరువు మరీ పెంచితే ఇళ్లు ఆనవాలు పట్టలేనట్టు కరిగిపోతాయి, మరీ తగ్గిస్తే ఫొటో మీద రంగు పూసినట్టే ఉంటుంది.

విడదీత సంపూర్ణమని మాత్రం అనలేం. గ్రామ్ పట్టికకు చోటు తెలియదు కాబట్టి, ఆకాశంలో ఉండాల్సిన సుడి గోడ మీదికీ రావచ్చు. మనిషి ముఖాన్ని ఇస్తే చెంప మీద గీతలు తేలి పోలికలు చెడిపోవడం తరచుగా కనిపిస్తుంది. ఆకాశానికి ఆకాశం, గోడకు గోడ అని ప్రాంతాల వారీగా పట్టికలు వేరుచేసే పద్ధతులు తర్వాత వచ్చాయి. 2016లో జస్టిన్ జాన్సన్ బృందం ఒక శైలికి ఒక చిన్న నెట్‌వర్క్‌ను ముందే తయారుచేసి పెట్టి, చాలాసేపు పట్టే పనిని రెప్పపాటుకు తెచ్చింది. అయితే ఆ వేగంలోనూ శైలి అంటే ఈ పట్టికలే. బొమ్మలో దేన్ని ఎక్కడ నిలపాలి, ఎంత ఖాళీ వదలాలి అన్న వాన్ గో నిర్ణయాలు వాటిలోకి ఎక్కవు.