మెమో వద్దు, మాట చాలు

పదో తరగతి ఫలితాలు రాగానే తమ్ముడి మార్కుల మెమో ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టేస్తాం. అందులో ఒక్క మార్కులేనా? పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, బడి పేరు, హాల్‌టికెట్ నంబరు కూడా ఉంటాయి. మార్కుల మీద గీత గీసి నంబరు వదిలేస్తే లాభం లేదు. ఫలితాల సైట్‌లో ఆ నంబరు కొడితే సబ్జెక్టులవారీగా అన్నీ బయటపడతాయి. ఫోన్‌లో హైలైటర్‌తో పూసిన నలుపైతే వెలుతురు పెంచగానే కింది అంకెలు కనబడొచ్చు.

మెమో బదులు వాడు మిఠాయి తింటున్న ఫొటో పెట్టండి, యూనిఫాం లేకుండా. కింద ఇలా రాస్తే సరి: “లెక్కలంటే పారిపోయే మా చిన్నోడు పది గట్టెక్కాడు. ఇవాళ బిర్యానీ నాదే!”

“ఎన్నొచ్చాయి?” అని ఎవరో అడగక మానరు. “వాణ్నే అడగండి” అనండి. పోస్టు చేసేముందు మాత్రం వాడికోసారి చూపించండి.